అకౌంట్ లాక్ అయినప్పుడు కస్టమర్ కేర్ నంబర్ ఎక్కడ వెతకాలి, ఎక్కడ వెతకకూడదు

నెట్ బ్యాంకింగ్ లాక్ అయింది. లేదా జీమెయిల్ తెరుచుకోవడం లేదు, పాస్‌వర్డ్ తప్పంటోంది. అలాంటప్పుడు చాలామంది మొదట చేసే పని, కంపెనీ పేరు కొట్టి పక్కన "కస్టమర్ కేర్ నంబర్" అని వెతకడం. టైప్ చేయడం రాని పెద్దవాళ్లు మైక్ నొక్కి అడుగుతారు. దొంగ నంబర్లు పెట్టేవాళ్లు కాపు కాసేది ఆ మాటల దగ్గరే. అలా వెతికే మనిషి కంగారులో ఉంటాడని, పని త్వరగా అయిపోవాలని చూస్తుంటాడని వాళ్లకు తెలుసు. పైగా బ్యాంకు పేరుతో ఎవరైనా ఫోన్ చేస్తే ఈ రోజుల్లో మనం కాస్త అనుమానిస్తాం. ఇక్కడ ఫోన్ చేసేది మనమే కాబట్టి ఆ అనుమానం రాదు.

అందుకే నంబర్ వెతకడానికి ముందు చూసుకోవాల్సినవి రెండున్నాయి. అసలు ఫోన్ చేయాల్సిన అవసరం ఉందా? ఉంటే, ఆ కంపెనీకి ఫోన్‌లో సాయం చేసే ఏర్పాటు ఉందా?

1. ముందు ఆ లాక్ ఎలాంటిదో చూడండి

చాలా లాకులు వాటంతట అవే తెరుచుకుంటాయి. యూపీఐ పిన్ వరుసగా తప్పు కొడితే సాధారణంగా 24 గంటలు ఆపేస్తారు, ఆ తర్వాత మళ్లీ ప్రయత్నించవచ్చు. పిన్ నిజంగానే మరిచిపోతే యాప్‌లోనే కొత్తది పెట్టుకునే దారి ఉంటుంది, డెబిట్ కార్డు చేతిలో ఉంటే చాలు. ఎస్‌బీఐ నెట్ బ్యాంకింగ్‌లో పాస్‌వర్డ్ మూడుసార్లు తప్పు కొడితే ఆ రోజుకి లాక్ పడి, మర్నాడు దానంతట అదే తెరుచుకుంటుంది. మిగతా బ్యాంకుల్లో గడువు కొంచెం అటూ ఇటూగా ఉండొచ్చు. స్క్రీన్ మీద వచ్చిన సందేశాన్ని మొత్తం చదవండి. "రేపు ప్రయత్నించండి" అని ఉంటే ఎవరికీ ఫోన్ చేయనక్కర్లేదు. తొందర పని ఉంటే ఇంట్లో ఇంకొకరి అకౌంట్ నుంచి కట్టించి, రేపు వాళ్లకు తిరిగిచ్చేయండి. మోసగాడి చేతిలో పడే కేసుల్లో ఎక్కువ భాగం ఇక్కడే ఆగిపోతాయని నా నమ్మకం.

2. జీమెయిల్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ అయితే నంబర్ వెతకనే వద్దు

ఈ విషయం చాలామందికి తెలియదు. మామూలు జీమెయిల్ అకౌంట్ లాక్ అయితే ఫోన్ చేసి తెరిపించుకునే నంబర్ గూగుల్‌కి లేదు. అకౌంట్ గాని పాస్‌వర్డ్ గాని తిరిగి ఇప్పిస్తామనే ఏ సర్వీసుతోనూ తమకు సంబంధం లేదని గూగుల్ తన సహాయ పేజీల్లోనే రాసి ఉంచింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల మామూలు వాడకందార్లకూ అంతే. లేని నంబర్ కోసం వెతికితే దొరికేది దొంగ నంబరే. ఎంత పెద్ద సైట్‌లో కనిపించినా, ఎంతమంది "నాకు పని చేసింది" అని రాసినా, అది దొంగదే.

వీటికి దారి ఫారాల్లోనే ఉంది. అడ్రస్ బార్‌లో మీరే టైప్ చేయండి:

```
g.co/recover
facebook.com/hacked
instagram.com/hacked
```

జీమెయిల్ తిరిగి తెచ్చుకునేటప్పుడు రోజూ వాడే ఫోన్‌లోనే, రోజూ వాడే బ్రౌజర్‌లోనే, ఇంట్లోనో ఆఫీసులోనో కూర్చుని చేయండి. ఎప్పుడూ వాడని కంప్యూటర్ నుంచి, ఊరు కాని ఊరు నుంచి అడిగితే గూగుల్‌కి అనుమానం పెరుగుతుంది. పాత పాస్‌వర్డ్ అడిగితే, కచ్చితంగా గుర్తులేకపోయినా దగ్గరగా అనిపించింది రాయండి. ఎవడో లోపలికి దూరి రికవరీ ఫోన్ నంబర్ మార్చేసినా, మార్చిన తర్వాత ఏడు రోజుల దాకా పాత నంబర్‌కి కోడ్ తెప్పించుకునే వీలు గూగుల్ ఇస్తుంది. అందుకని ఈ పని రేపటికి, ఎల్లుండికి అని వాయిదా వేయకండి.

ఇంకో మాట. "నా ఇన్‌స్టా పోయింది, ఎవరైనా సాయం చేయండి" అని బయట పోస్టు పెట్టకండి. పెట్టిన కాసేపటికే ముక్కూమొహం తెలియనివాళ్లు వచ్చి "నాది కూడా పోయింది, ఫలానా ఆయన పది నిమిషాల్లో తెచ్చిచ్చాడు, ఆయనకు మెసేజ్ పెట్టండి" అంటారు. ఆ ఫలానా ఆయన ముందు ఫీజు తీసుకుంటాడు, తర్వాత మీకొచ్చిన కోడ్ అడుగుతాడు. బ్యాంకు మీద ఎక్స్‌లో ఫిర్యాదు రాసినా ఇదే తంతు. బ్యాంకు లోగోతో, పేరులో ఒక అక్షరం తేడాతో ఉన్న అకౌంట్ నుంచి "మీ మొబైల్ నంబర్ పంపండి సార్" అని జవాబు వస్తుంది.

3. బ్యాంకు నంబర్ కావాలంటే

బ్యాంకులకు నిజంగానే ఫోన్ నంబర్లుంటాయి. వాటిని సెర్చ్‌లో కాకుండా చేతికి అందే చోట చూసుకోవాలి. డెబిట్ కార్డు వెనక ముద్రించి ఉంటుంది. పాస్‌బుక్ మీదో, బ్యాంకు పంపిన స్టేట్‌మెంట్ కిందో ఉంటుంది. ఫోన్‌లో ఇప్పటికే ఉన్న బ్యాంకు యాప్ తెరిస్తే, లాగిన్ కాకముందు వచ్చే పేజీలోనే చాలా యాప్‌లు సంప్రదించే నంబర్ చూపిస్తాయి. యూపీఐ యాప్ అయితే లోపలే సహాయం విభాగం ఉంటుంది, ఏ లావాదేవీలో ఇబ్బంది వచ్చిందో దాని మీద నొక్కి ఫిర్యాదు పెట్టొచ్చు.

కార్డు దగ్గర లేకపోతే బ్యాంకు వెబ్‌సైట్‌కి వెళ్లాలి. ఇక్కడ ఈమధ్య ఒక మంచి సౌకర్యం వచ్చింది. బ్యాంకులన్నీ 2025 అక్టోబర్ 31 లోగా `.bank.in` తో ముగిసే అడ్రసులకు మారాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. ఈ అడ్రసులు రిజిస్టర్ చేసే అధికారం మన హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ సంస్థ ఒక్కదానికే ఉంది, అదీ బ్యాంకులకు మాత్రమే ఇస్తుంది. డబ్బు కట్టి ఎవడు పడితే వాడు కొనుక్కోలేడు. చదివే పద్ధతి మాత్రం తెలియాలి. అడ్రసులో `https://` కనిపిస్తే దాన్ని వదిలేసి, ఆ తర్వాత మొదటి గీత `/` వచ్చే దాకా చూసి, దాని ముందున్న చివరి భాగం ఏమిటో గమనించండి.

```
sbi.bank.in/...              (బ్యాంకుది)
sbi.bank.in.help-desk.com/   (దొంగది)
```

రెండో దాంట్లో కూడా `bank.in` కనిపిస్తుంది, కానీ ముగిసింది `help-desk.com` తో. అలాంటిది ఎవరైనా తయారు చేసుకోవచ్చు.

ఈ వ్యాసంలో ఏ బ్యాంకు నంబరూ ఇవ్వకపోవడం కావాలని చేసిందే. నెట్‌లో ఎవరో రాసిన పేజీ నుంచి నంబర్ తీసుకునే అలవాటే ఈ మోసానికి మూలం కాబట్టి, ఈ పేజీకి కూడా అది వర్తిస్తుంది.

4. దొంగ నంబర్ పైకి ఎలా వస్తుంది

"గూగుల్‌లో మొదటే వచ్చింది కదా" అనే మాట వినిపిస్తూనే ఉంటుంది. మొదట రావడానికి, నిజమైనది కావడానికి సంబంధం లేదు. అన్నిటికన్నా పైన `Sponsored` అని చిన్న అక్షరాలతో ఉండేది డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటన. దాని కింద వచ్చేవాటిలో ఎవరైనా రాయగలిగే పేజీలు బోలెడుంటాయి: ప్రశ్న-జవాబుల సైట్లు, పేరున్న వెబ్‌సైట్లలోకి ఎవరో ఎక్కించిన పీడీఎఫ్‌లు, ఉచిత బ్లాగులు. పది పేజీల్లో ఒకే నంబర్ పదేపదే రాస్తే, వెతికేవాడికి అదే నిజం అనిపిస్తుంది.

మ్యాప్స్ ఇంకో దారి. గూగుల్ మ్యాప్స్‌లో ఏ సంస్థ వివరాలకైనా "సవరణ సూచించండి" అనే వీలు అందరికీ ఉంటుంది. 2018లో మహారాష్ట్రలో బ్యాంక్ ఆఫ్ ఇండియా వివరాల్లో మోసగాళ్లు తమ ఫోన్ నంబర్లు ఇలాగే పెట్టేశారు. బ్రాంచి నిజం, అడ్రసు నిజం, ఫోటో నిజం, నంబర్ ఒక్కటే దొంగది. ఆ నంబర్‌కి ఫోన్ చేసినవాళ్లు బ్యాంకుతోనే మాట్లాడుతున్నామనుకుని వివరాలు చెప్పేశారు.

అన్నిటికన్నా తెలివైన ఎత్తు 2025లో అమెరికాలో బయటపడింది. ప్రకటన నొక్కితే నెట్‌ఫ్లిక్స్, యాపిల్, బ్యాంక్ ఆఫ్ అమెరికా లాంటి కంపెనీల అసలు సైటే తెరుచుకుంటుంది. అడ్రస్ బార్‌లో తేడా ఏమీ కనిపించదు. కాకపోతే ఆ లింకు చివర, సైట్ లోపలి వెతుకుడు పెట్టెలోకి వెళ్లే మాటలుగా "ఈ నంబర్‌కి కాల్ చేయండి" అని ముందే రాసి పెట్టి ఉంటుంది. సైట్ ఆ మాటలను "మీరు వెతికింది ఇది" అన్నట్టు పేజీ మీద పెద్ద అక్షరాలతో చూపిస్తుంది. చూసేవాళ్లకు అది కంపెనీ ఇచ్చిన నంబర్‌లా కనిపిస్తుంది. కాబట్టి అడ్రసు సరిగ్గా ఉందని ఊరుకోకుండా, ప్రకటన ద్వారా వెళ్లిన పేజీ అయితే మూసేసి, అడ్రసు మీరే టైప్ చేసి మళ్లీ వెళ్లండి. లింకులో `%20`, `call`, ఫోన్ అంకెలు కనిపిస్తే అది ఈ బాపతే.

5. ఫోన్ కలిశాక ఏం జరుగుతుందో చూడండి

ఒక ఉదాహరణ కల్పించి చెబుతాను. కరీంనగర్‌లో ఒక టీచరుగారు. ఆదివారం సాయంత్రం, కొడుకు కాలేజీ ఫీజుకి రేపే ఆఖరు తేదీ. యూపీఐ పిన్ తప్పు కొట్టడంతో ఆగిపోయింది. సెర్చ్‌లో కనిపించిన నంబర్‌కి చేశారు. "తెలుగు కోసం ఒకటి నొక్కండి" లాంటివేమీ లేకుండా మొదటి రింగుకే ఎత్తారు.

"నమస్తే మేడమ్, కస్టమర్ కేర్. కంగారు పడకండి, ఐదు నిమిషాల్లో అన్‌లాక్ చేసేద్దాం. మీ పేరు, బ్యాంకు పేరు చెప్పండి."

శుభ్రమైన తెలుగు. భాషను బట్టి, యాసను బట్టి వీళ్లను పట్టుకోవచ్చనుకోకండి. వాట్సాప్‌లో బ్యాంకు లోగో వచ్చింది, ట్రూకాలర్‌లో కూడా "కస్టమర్ కేర్" అనే చూపించింది. లోగో ఎవరైనా పెట్టుకోవచ్చు. పేరు కూడా ఆ నంబర్‌ను జనం ఎలా సేవ్ చేసుకున్నారో, సొంతదారు ఏం రాసుకున్నాడో దాన్ని బట్టి వచ్చేది.

"మేడమ్, వెరిఫికేషన్ కోసం కార్డు చివరి ఆరు అంకెలు, గడువు తేదీ చెప్పండి. పూర్తి నంబర్ వద్దు, సీవీవీ కూడా చెప్పొద్దు, అవి ఎవరికీ చెప్పకూడదు."

ఈ ఆఖరి మాటతో టీచరుగారికి నమ్మకం కుదిరింది. జాగ్రత్తలు చెబుతున్నాడంటే మంచివాడే అనుకున్నారు. కానీ కొత్త యూపీఐ పిన్ పెట్టడానికి ముఖ్యంగా కావలసింది ఆ చివరి ఆరు అంకెలు, గడువు తేదీ, ఒక ఓటీపీ. సీవీవీ అక్కడ అవసరమే లేదు. అందుకే అడగలేదు.

తర్వాత వాట్సాప్‌లో అర్థం కాని అక్షరాల వరుస ఒకటి పంపించాడు. "దీన్ని ఈ నంబర్‌కి ఎస్‌ఎంఎస్ చేయండి మేడమ్, మీ సిమ్ వెరిఫై అవుతుంది." యూపీఐ యాప్‌ను కొత్త ఫోన్‌లో పెట్టినప్పుడు ఆ ఫోన్‌లోని సిమ్ నుంచి ఒక రహస్య ఎస్‌ఎంఎస్ వెళ్తుంది. ఫలానా నంబర్ ఈ ఫోన్‌లోనే ఉందని బ్యాంకు దాన్ని బట్టే నమ్ముతుంది. మోసగాడు తన ఫోన్‌లో టీచరుగారి పేరున యూపీఐ మొదలుపెట్టి, ఆ ఎస్‌ఎంఎస్ మాత్రం ఆవిడ సిమ్ నుంచి పంపించాడు. ఇప్పుడు ఆవిడ యూపీఐ వాడి ఫోన్‌లో ఉంది. ఓటీపీ రాగానే "అన్‌లాక్ కోడ్ వచ్చింది కదా, చదవండి" అన్నాడు. అది నిజంగా బ్యాంకు నుంచి వచ్చిందే కాబట్టి ఆవిడకు అనుమానం రాలేదు. ఆ సందేశంలోనే "యూపీఐ పిన్ పెట్టడానికి" అని రాసి ఉంటుంది, అంకెల కోసం చూసే కంటికి అది ఆనదు.

చివరగా "24 గంటలు యాప్ తెరవకండి మేడమ్, ప్రాసెస్ మధ్యలో ఆగిపోతుంది" అని పెట్టేశాడు. కొత్త ఫోన్‌లో యూపీఐ పెట్టిన మొదటి 24 గంటలు చిన్న మొత్తాలే పంపనిస్తారు. ఆ గడువు అయ్యేదాకా ఆవిడ బ్యాలెన్స్ చూసుకోకుండా ఉండటం వాడికి కావాలి.

వేషాలు మారుతుంటాయి. ఎనీడెస్క్ లాంటి స్క్రీన్ షేరింగ్ యాప్ వేయించి, అందులో కనిపించే అంకెలు చెప్పమంటారు. చెబితే మీ ఫోన్ తెర వాడికి కనిపిస్తుంది, వచ్చిన ఓటీపీ మీరు చదవనక్కర్లేదు. దీని గురించి రిజర్వ్ బ్యాంకు 2019లోనే హెచ్చరించింది. వాట్సాప్‌లో "సపోర్ట్" పేరుతో, యాప్‌ను నేరుగా ఇన్‌స్టాల్ చేసే ఏపీకే ఫైలు పంపి, ఎస్‌ఎంఎస్‌లు చదివే అనుమతి ఇప్పించుకుంటారు. "మీ ఫిర్యాదు నంబర్ 49999, దాన్ని ఆ ఖాళీలో కొట్టండి" అంటారు. ఆ ఖాళీ డబ్బు మొత్తం రాసేది. `*401*` తో మొదలుపెట్టి ఒక ఫోన్ నంబర్ కొట్టమంటే, అది మీ కాల్స్ అన్నీ వాడి ఫోన్‌కి మళ్లించే ఎత్తు. జీమెయిల్ విషయంలో వాడే స్వయంగా మీ అకౌంట్‌కి పాస్‌వర్డ్ మార్పు మొదలుపెడతాడు. గూగుల్ నుంచి కోడ్ మీకు వస్తుంది, దాన్ని చదివించుకుంటాడు.

ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం కష్టం. ఒక్కటి పట్టుకోండి: లాక్ తీసేవాడు మీకు వచ్చిన కోడ్ గాని, ఏదైనా పంపమని గాని, ఏదైనా ఇన్‌స్టాల్ చేయమని గాని అడిగితే అక్కడికక్కడే ఫోన్ పెట్టేయండి. మర్యాద కోసం వివరణ ఇవ్వనక్కర్లేదు. నంబర్ మీద అనుమానం ఉంటే `cybercrime.gov.in` లో "Suspect Search" అనే చోట కొట్టి చూడొచ్చు. అయితే అక్కడ ఏమీ రాకపోతే మంచి నంబరని అర్థం కాదు, ఇంకా ఎవరూ ఫిర్యాదు చేయలేదని మాత్రమే.

6. ఇప్పటికే చెప్పేసి ఉంటే

టీచరుగారికి రాత్రి తొమ్మిదింటికి డబ్బు పోయినట్టు సందేశం వచ్చిందనుకోండి. వరుస ముఖ్యం.

యాప్ ఏదైనా వేయించి ఉంటే ముందు ఆ ఫోన్‌లో నెట్, వైఫై ఆపేయాలి. తర్వాత ఇంట్లో ఇంకొకరి ఫోన్ నుంచి, కార్డు వెనకున్న నంబర్‌కి చేసి యూపీఐ, నెట్ బ్యాంకింగ్, కార్డు మూడూ ఆపించాలి. ఫిర్యాదు నంబర్ రాసుకోవాలి. అది చేతికొచ్చిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయాలి. ఈ రెండు కాల్స్ ఒకేసారి ఇద్దరు చేయగలిగితే మరీ మంచిది. 1930 వాళ్లు అడిగేవి ఇవి: ఏ బ్యాంకు, ఏ అకౌంట్, ఎంత పోయింది, ఎన్నింటికి, లావాదేవీ నంబర్. యూపీఐ అయితే అది 12 అంకెల యూటీఆర్, బ్యాంకు ఎస్‌ఎంఎస్‌లో ఉంటుంది. వాళ్లు ఆ డబ్బు చేరిన బ్యాంకుకి సమాచారం పంపి, ఇంకా అకౌంట్‌లో ఉన్నంత మేరకు ఆపించే ప్రయత్నం చేస్తారు. మోసగాళ్లు డబ్బును ఒక అకౌంట్ నుంచి ఇంకొకదానికి చకచకా మార్చేస్తారు కాబట్టి, మొదటి గంటకీ మర్నాడు ఉదయానికీ చాలా తేడా ఉంటుంది. తర్వాత `cybercrime.gov.in` లో ఫిర్యాదు పూర్తి చేయాలి.

కోపంలో వాట్సాప్ చాట్, కాల్ లిస్టు చెరిపేయకండి. స్క్రీన్‌షాట్లు తీసుకున్నాకే ఆ యాప్ తీసేయాలి. ఏపీకే వేసి ఉంటే, ఆధారాలన్నీ భద్రపరిచాక ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయడమే నయం. కాల్స్ మళ్లించినట్టు అనుమానముంటే `##002#` కొట్టండి, మళ్లింపులన్నీ పోతాయి. పాస్‌వర్డ్‌లు ఇంకో ఫోన్ నుంచే మార్చండి.

డబ్బు తిరిగి వస్తుందా అంటే, నేరుగా చెప్పాలి. ఓటీపీ మనమే చెప్పినప్పుడు, బ్యాంకుకి తెలియజేసేదాకా జరిగిన నష్టం ఖాతాదారుదేనని రిజర్వ్ బ్యాంకు 2017లో నిబంధన పెట్టింది. బ్యాంకుకి తెలియజేసిన తర్వాత కూడా పోతే, అది బ్యాంకు భరించాలి. అందుకే సిగ్గుపడి ఒక రాత్రి ఆలస్యం చేయడం ఖరీదైన పని. ఎన్నింటికి చెప్పారో రుజువు ఉండాలి కాబట్టి, కాల్‌తో పాటు ఒక ఈమెయిల్ కూడా పంపండి.

కొన్ని రోజులకు "మీ సైబర్ కేసులో డబ్బు రికవరీ అయింది, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి" అని ఫోన్ రావచ్చు. ఒకసారి మోసపోయినవాళ్ల నంబర్లు చేతులు మారుతుంటాయి. ఆపిన డబ్బు తిరిగి ఇప్పించడానికి పోలీసులు గాని బ్యాంకు గాని ఫీజు తీసుకోరు.

ఇక ఆ దొంగ నంబర్ సంగతి. మీరు ఫిర్యాదు చేసినా అది సెర్చ్‌లో అలాగే ఉంటుంది, ఇంకొకరు చేస్తారు. మ్యాప్స్‌లో ఉంటే అదే "సవరణ సూచించండి" నొక్కి నంబర్ తప్పని పంపండి. ప్రకటన అయితే పక్కనున్న మూడు చుక్కలు నొక్కి ఫిర్యాదు పెట్టండి. నంబర్‌ను `sancharsaathi.gov.in` లోని చక్షు విభాగంలో రాయండి. డబ్బు పోయిన కేసులకు చక్షు పనికిరాదు, వాటికి 1930యే.